హైదరాబాద్‌లో పది గంటల లేఓవర్: ఊళ్ళో మీ చేతికొచ్చేది మూడు గంటలు

ప్రశ్న: "వచ్చే నెల డాలస్ నుంచి దోహా మీదుగా హైదరాబాద్‌లో ఉదయం 8:30కి దిగుతున్నాం. వైజాగ్ ఫ్లైట్ సాయంత్రం 6:30కి, అది వేరే టికెట్. నేను, నా భార్య (ఇండియన్ పాస్‌పోర్ట్‌లు), ఏడేళ్ళ పాప (అమెరికా పాస్‌పోర్ట్, ఓసీఐ ఉంది), మాతో పాటు మా ఆఫీసు అమెరికన్ ఫ్రెండ్ ఒకరు. పెద్ద సూట్‌కేసులు ఆరు. పది గంటల టైముంది కదా, చార్మినార్ చూపించి బిర్యానీ తినిపించి వెనక్కి రావచ్చా? వీసా, సామాను, మళ్ళీ సెక్యూరిటీ సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి."

సమాధానం:

రావచ్చండి. నేను శంషాబాద్‌లో చెక్-ఇన్ కౌంటర్‌లో తొమ్మిదేళ్ళు పని చేశాను. ఇప్పుడు అత్తాపూర్‌లో ఉంటున్నాను. అమెరికా నుంచి వచ్చే మా చుట్టాలను ఏడాదికి రెండు మూడు సార్లయినా ఇలాగే పాతబస్తీ తిప్పి వైజాగ్‌కో రాజమండ్రికో ఎక్కిస్తుంటాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, ముందు ఆ "పది గంటలు" అనే లెక్క పక్కన పెట్టేయండి. అది రెండు విమానాల మధ్య ఉన్న టైము. మీ చేతికొచ్చే టైము వేరు.

లెక్క ఎప్పుడూ వెనక నుంచి వేయాలి. 6:30 విమానమంటే 6:30 కాదు. మన దేశంలో డొమెస్టిక్ విమానాలకు చెక్-ఇన్ కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు. అంటే మీ అసలు గడువు 5:30. ఆరు సూట్‌కేసులున్న కుటుంబం 5:15కి కౌంటర్ దగ్గరికి వస్తే పని జరుగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకే 4:45కల్లా మీరు కౌంటర్ క్యూలో నిలబడి ఉండాలి. దానికి ముందు క్లోక్ రూమ్‌లో సామాను విడిపించుకోవడం, ట్రాలీల మీదకు ఎక్కించడం, పై అంతస్తుకు రావడం, గేటు దగ్గర సీఐఎస్‌ఎఫ్ వాళ్ళకు టికెట్, గుర్తింపు కార్డు చూపించడం. దీనికి ముప్పావు గంట వేసుకోండి. అంటే కారు 4 గంటలకు ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి. పాతబస్తీ నుంచి ఎయిర్‌పోర్ట్‌కు గంట. కాబట్టి మధ్యాహ్నం 3 గంటలకు అందరూ కార్లో కూర్చుని ఉండాలి. 3 గంటలకు మీ ఫోన్లో అలారం పెట్టుకోండి.

ఇప్పుడు ఇటు నుంచి చూడండి. 8:30కి చక్రాలు నేలను తాకితే, విమానం దిగి ఇమిగ్రేషన్ హాలుకు నడిచి వచ్చేసరికి 8:50, 9 అవుతుంది. ఇమిగ్రేషన్‌కు ముప్పావు గంట నుంచి గంట. బెల్టు మీద ఆరో సూట్‌కేసు వచ్చేదాకా మరో అరగంట. కస్టమ్స్ దాటి బయటికొచ్చేసరికి 10:15 అనుకోండి. సామాను అప్పగించి, ఫోన్లో సిమ్ చూసుకుని, పాపను బాత్రూమ్‌కు తీసుకెళ్ళి కారెక్కేసరికి 10:45. పాతబస్తీలో దిగేసరికి 11:45. అక్కడి నుంచి 3 గంటల దాకా. అదీ మీ లేఓవర్: మూడు గంటల పావు.

ఈ మూడు గంటలకు గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం, ట్యాంక్‌బండ్ అన్నీ కలిపేవాళ్ళను చూశాను. అలా చేస్తే కార్లోంచి ఊరు చూసినట్టే ఉంటుంది. సాలార్‌జంగ్ లోపలికి వెళ్తే పూట గడిచిపోతుంది. గోల్కొండ ఎండలో ఎక్కి దిగడం ఇరవై గంటల ప్రయాణం చేసి వచ్చిన పాపకు చాలా కష్టం. చార్మినార్ చుట్టూ ఒక్క కిలోమీటరున్నర నడక పెట్టుకోండి, చాలు. ఆ నడక ఎలాగో కింద చెబుతాను. ముందు వీసా, సామాను.

వీసా గురించి చాలామంది అనుకునేది ఏమిటంటే, ఎయిర్‌పోర్ట్ లోపలే ఉంటే ఒక రూలు, ఊళ్ళోకి వెళ్తే ఇంకో రూలు అని. విదేశం నుంచి వచ్చి మళ్ళీ విదేశానికే వెళ్ళేవాళ్ళ విషయంలో అది నిజమే. లోపలే కూర్చుంటే వాళ్ళు ఇమిగ్రేషన్ దాటక్కర్లేదు, ఊరు చూడాలంటే మాత్రం వీసా ఉండాలి. మీది అలా కాదు. హైదరాబాద్ నుంచి మీ తర్వాతి విమానం డొమెస్టిక్. దేశంలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్, కస్టమ్స్ రెండూ అయిపోవాలి. కాబట్టి ఊళ్ళోకి వెళ్ళినా వెళ్ళకపోయినా మీ నలుగురూ హైదరాబాద్‌లోనే భారతదేశంలోకి అడుగుపెడుతున్నారు. చార్మినార్ చూడటానికి అదనంగా ఏ కాగితమూ అక్కర్లేదు.

మీకు, మీ భార్యకు ఏ సమస్యా లేదు. పాప పాస్‌పోర్ట్‌తో పాటు ఓసీఐ కార్డు అసలుది చేతిలో ఉండాలి, ఫోన్లో ఫోటో చాలదు. పాపకు పాస్‌పోర్ట్ కొత్తది వచ్చి ఉంటే, ఓసీఐలో పాత నంబరే ఉందని కంగారు పడొద్దు. పాత పాస్‌పోర్ట్ వెంట తేవాలన్న నిబంధనను 2021లో తీసేశారు. కొత్త పాస్‌పోర్ట్ వివరాలు ఓసీఐ వెబ్‌సైట్‌లో అప్‌లోడ్ చేసి ఉంచుకుంటే మంచిది.

మీ ఫ్రెండ్‌కు వీసా తప్పనిసరి. ఈ-వీసా హైదరాబాద్‌లో చెల్లుతుంది. indianvisaonline.gov.in లో దరఖాస్తు చేయాలి, దిగడానికి కనీసం నాలుగు రోజుల ముందు. ఆ నాలుగు రోజుల దాకా ఆగకుండా ఇవాళే చేయించండి. పేరు ముందు వెనక అయినా, పాస్‌పోర్ట్ నంబర్లో ఒక్క అంకె తప్పినా డాలస్ కౌంటర్లోనే ఆపేస్తారు. ఆ వీసా కాపీ ప్రింట్ తీసి పెట్టుకోమనండి. విదేశీయులు ఇప్పుడు ఈ-అరైవల్ కార్డు కూడా ఆన్‌లైన్‌లో నింపాలి. దిగడానికి 72 గంటల ముందు నుంచి నింపొచ్చు, దానికి ఫీజు లేదు. డబ్బులు అడిగే సైటు కనిపిస్తే అది సర్కారుది కాదని తెలుసుకోండి.

ఇక్కడ ఒక చిన్న విషయం మీ టైము మీద దెబ్బ కొడుతుంది. మీ ఇద్దరి క్యూ వేరు, ఈ-వీసా వాళ్ళ క్యూ వేరు. ఆ కౌంటర్లో వేలిముద్రలు, ఫోటో తీసుకుంటారు కాబట్టి ఒక్కొక్కరికీ ఎక్కువసేపు పడుతుంది. మీ కుటుంబం ఇరవై నిమిషాల్లో బయటపడినా ఫ్రెండ్ కోసం ఆగాలి. అందుకే నేను పైన గంట అని వేశాను. మీ గుంపులో అందరికంటే నెమ్మదిగా కదిలే మనిషి టైమే మీ టైము. విమానం దిగగానే బాత్రూమ్‌లు, ఫోటోలు అని ఆగకుండా ఆయన్ను ముందు ఆ లైన్లోకి పంపేయండి. మీరు ఈలోగా బెల్టు దగ్గర సామాను దించుకోవచ్చు. (మీ దంపతులిద్దరూ తరచూ వస్తుంటే ftittp.mha.gov.in లో ట్రస్టెడ్ ట్రావెలర్ కింద నమోదు చేసుకోండి. హైదరాబాద్‌లో 2025 జనవరి నుంచి ఈ-గేట్లు ఉన్నాయి, ఓసీఐ ఉన్నవాళ్ళకూ వర్తిస్తుంది. మీ గుంపులో అందరికీ వర్తించదు కాబట్టి ఈసారికి పెద్దగా ఉపయోగపడదు.)

ఇక సామాను. టికెట్ మొత్తం ఒకే పీఎన్‌ఆర్‌లో ఉన్నా కూడా సాధారణంగా హైదరాబాద్‌లో సూట్‌కేసులు దించుకుని, కస్టమ్స్ దాటించి, మళ్ళీ అప్పగించాలి. కాకపోతే ఒకే టికెట్ అయితే బయటికొచ్చే దారిలో ట్రాన్స్‌ఫర్ కౌంటర్ దగ్గరే సామాను ఇచ్చేసి చేతులూపుకుంటూ వెళ్ళొచ్చు. మీవి విడి టికెట్లు కాబట్టి ఆ వెసులుబాటు లేదు. మీ డొమెస్టిక్ ఎయిర్‌లైన్ వాళ్ళు పొద్దున 10 గంటలకు సాయంత్రం విమానం సామాను తీసుకుంటారని ఆశపెట్టుకోవద్దు. ఒకసారి అడిగి చూడండి, కాదంటే క్లోక్ రూమే.

క్లోక్ రూమ్ టెర్మినల్ బయట ఉంటుంది. అరైవల్స్‌లోంచి బయటికి రాగానే హెల్ప్ డెస్క్‌లో అడిగితే దారి చూపిస్తారు. ఒక్కో బ్యాగుకు, ఉంచే గంటలను బట్టి డబ్బులు తీసుకుంటారు. ప్రతి సూట్‌కేసుకూ తాళం ఉండాలి. ప్లాస్టిక్ జిప్ టై అయినా సరే, తెరిచినట్టు తెలిసేలా ఏదో ఒకటి వేయండి. ఇచ్చే ముందు ఆరు బ్యాగులనూ వరసగా నిలబెట్టి ఒక ఫోటో తీయండి, రసీదుకు ఇంకో ఫోటో. పాస్‌పోర్ట్‌లు, బంగారం, ల్యాప్‌టాప్, మందులు, పాప స్వెటర్ ఇవన్నీ ఒక చిన్న బ్యాగులో మీ భుజానే ఉండాలి. రాత్రి ఎంత సేపటి దాకా తెరిచి ఉంటుంది, తిరిగి తీసుకోవడానికి ఎవరు రావాలి అన్నవి కూడా అప్పుడే అడగండి. రసీదు మీ పేరు మీదుండి మీరు కారు దగ్గర ఆగిపోతే మీ భార్యకు ఇవ్వనంటారు.

"కార్లోనే పెట్టేస్తే పోలా" అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. ఆరు సూట్‌కేసులు, నలుగురు మనుషులు అంటే మామూలు కారు చాలదు, అది ఒకటి. రెండోది నా అనుభవం. నాలుగేళ్ళ క్రితం మా పిన్ని వాళ్ళబ్బాయి కుటుంబాన్ని అలాగే తిప్పాను. బ్యాగులన్నీ అద్దె కార్లో ఉంచి పాతబస్తీలో దిగాం. తిరిగొచ్చేసరికి కారు ఆపిన చోట లేదు, డ్రైవర్ ఫోన్ స్విచ్ఛాఫ్. పార్కింగ్ దగ్గర పోలీసులు కదలమంటే ఆ కుర్రాడు బండి తీసుకుని పక్క గల్లీలోకి వెళ్ళి, ఛార్జింగ్ అయిపోయి అక్కడే నిద్రపోయాడు. అతని తప్పేమీ లేదు, రాత్రంతా బండి నడిపి వచ్చాడు. కానీ ఆ నలభై నిమిషాలు మా వాడి మొహం చూడలేకపోయాను. పాస్‌పోర్ట్‌లు కూడా ఆ బ్యాగుల్లోనే ఉన్నాయి. అప్పటి నుంచి ఎవరొచ్చినా క్లోక్ రూమ్‌లో ఇచ్చాకే కారెక్కిస్తాను.

సామాను విషయంలో మీరు అడగని ఒక ప్రశ్న ఉంది, కౌంటర్లో పని చేసినవాణ్ణి కాబట్టి నేనే చెప్పాలి. అమెరికా నుంచి వచ్చే విమానంలో మీకు తలా రెండు 23 కిలోల పెట్టెలు. వైజాగ్ టికెట్ విడిగా కొన్నారు కాబట్టి అక్కడ డొమెస్టిక్ రూలు వర్తిస్తుంది, చాలా ఎయిర్‌లైన్స్‌లో మనిషికి 15 కిలోలు. నలుగురికీ కలిపి 60 కిలోలు. మీ ఆరు పెట్టెలు నిండుగా ఉంటే 138 కిలోలు. మిగతా 78 కిలోలకు కౌంటర్లో కిలో లెక్కన కట్టాలంటే జేబు ఖాళీ అవుతుంది. అంతకంటే ముఖ్యంగా, డబ్బులు కట్టే లైను వేరు. కట్టి రసీదు తెచ్చి మళ్ళీ కౌంటర్‌కు రావాలి. 5:10కి ఆ పని మొదలుపెట్టి విమానం పోగొట్టుకున్న కుటుంబాలను నా కళ్ళతో చూశాను. అదనపు బరువును ఇప్పుడే ఎయిర్‌లైన్ యాప్‌లో కొనేయండి, తక్కువలో అవుతుంది. ఏ ఒక్క పెట్టే 32 కిలోలు దాటకూడదు.

ఇంకోటి. విడి టికెట్లు కాబట్టి దోహా విమానం నాలుగు గంటలు ఆలస్యమైతే ఊరు చూడటం పోతుంది, అంతే. అదే వైజాగ్ టికెట్ కాస్త ముందు టైముకు తీసుకుని ఉంటే ఆ టికెట్టే పోయేది. ఆ రకంగా మీరు ఎక్కువ గ్యాప్ పెట్టుకోవడం మంచి పని.

సరే, ఊళ్ళోకి వద్దాం. కారు 8 గంటలు 80 కిలోమీటర్ల ప్యాకేజీకి మాట్లాడుకోండి, ఒకే కారు, ఒకే డ్రైవర్. వెళ్ళేటప్పుడు యాప్‌లో క్యాబ్ సులువుగానే దొరుకుతుంది, ఇబ్బందంతా తిరిగొచ్చేటప్పుడే. పాతబస్తీ ఇరుకు రోడ్ల మధ్యకు రావడానికి డ్రైవర్లు ఒప్పుకుని మళ్ళీ క్యాన్సిల్ చేస్తుంటారు. 3 గంటలకు ఒకరి తర్వాత ఒకరు క్యాన్సిల్ చేస్తే మీ ఇరవై నిమిషాలు అక్కడే పోతాయి. ఎయిర్‌పోర్ట్ పుష్పక్ బస్సులు బాగుంటాయి కానీ పాపతో, గడువు మీద ఉన్నవాళ్ళకు నేను చెప్పను.

చాలామంది డ్రైవర్లు ఎయిర్‌పోర్ట్ నుంచి బయల్దేరగానే అలవాటుగా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కేస్తారు. అది మెహదీపట్నం వెళ్ళేవాళ్ళ దారి. మీకు ఆరాంఘర్ దగ్గర 2025 జనవరిలో తెరిచిన జూ పార్క్ ఫ్లైఓవర్ కావాలి. నాలుగు కిలోమీటర్ల ఆ ఫ్లైఓవర్ వచ్చాక పాతబస్తీకి దారి చాలా మారింది. మునుపు కింద లారీల వెనక పాక్కుంటూ వెళ్ళేవాళ్ళం. జూ పార్క్ దగ్గర దిగి బహదూర్‌పురా మీదుగా రమ్మని ముందే చెప్పండి.

దిగాల్సింది చార్మినార్ దగ్గర కాదు. అక్కడ బండి ఆపనివ్వరు. చౌమహల్లా ప్యాలెస్ దగ్గర ఖిల్వత్‌లో దిగండి, అక్కడి నుంచి నడక ఒకటే దిక్కుకు సాగాలి: చౌమహల్లా, లాడ్ బజార్, చార్మినార్, గుల్జార్ హౌజ్, పత్తర్‌గట్టీ, మదీనా బిల్డింగ్. డ్రైవర్‌ను ఖాళీ బండితో మదీనా దాటి నయాపూల్ వైపు వెళ్ళి ఆగమనండి. నడిచిన దారే మళ్ళీ వెనక్కి నడవనక్కర్లేదు, కారు మీకు అవతలి కొసలో ఎదురొస్తుంది. ఈ ఒక్క ఏర్పాటుతో అరగంట మిగులుతుంది.

చౌమహల్లాలో ముప్పావు గంట. నిజాముల దర్బారు హాలైన ఖిల్వత్ ముబారక్, అందులో వేలాడే బెల్జియం షాండ్లియర్లు చూస్తే మీ ఫ్రెండ్ నోరు తెరుస్తాడు. అన్ని గదులూ తిరగొద్దు. నీళ్ళ తొట్టెల పక్కన నీడలో పాపను కాసేపు కూర్చోనివ్వండి, తోట ఉంది, బాత్రూమ్‌లు శుభ్రంగా ఉంటాయి. తర్వాత చాలాసేపు ఆ సదుపాయం దొరకదు.

12:40కి లాడ్ బజార్‌లోకి. పొద్దున 9కి వస్తే అక్కడ షట్టర్లే కనిపిస్తాయి, మీరు వచ్చే టైముకు దుకాణాలన్నీ తెరిచి ఉంటాయి. గాజులు కొనడం సరే, లోపలి గల్లీల్లో లక్క గాజు చేసే చోట ఐదు నిమిషాలు నిలబడండి. బొగ్గుల కుంపటి మీద లక్క ముద్దను కాస్త కాస్తగా వెచ్చబెడతారు. మెత్తబడగానే చెక్క మీద అరచేత్తో తాడులా సాగదీసి, కొలతకు వంచి, అంచులు కలిపేస్తారు. లక్క ఆరకముందే చిన్న చిన్న అద్దం రాళ్ళను ఒక్కొక్కటిగా అద్దుతారు. వేడి చల్లారితే రాయి పట్టదు, వేడి ఎక్కువైతే లోపలికి కూరుకుపోతుంది. ఆ చెయ్యి అంచనా చూడాల్సిందే. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. పాప చేతి కొలతకు అక్కడికక్కడే సరిచేసి ఇస్తారు, అడగండి.

చార్మినార్ పైకి ఎక్కాలా? ఈ మూడు గంటల్లో వద్దంటాను. మెట్లు ఇరుకు, టికెట్ లైను మీ చేతిలో ఉండదు. 1591లో కట్టిన ఆ నాలుగు మినార్ల కింద నిలబడి, తల పైకెత్తి చూసి, పక్కనే నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ తీసుకోండి. బిస్కెట్ మొదట తియ్యగా తగిలి, చివర్లో ఉప్పగా అనిపిస్తుంది, అది చాయ్‌లో ముంచితేనే తెలుస్తుంది. మక్కా మసీదు లోపలికి వెళ్ళాలనుకుంటే మోకాళ్ళు, భుజాలు కప్పే బట్టలు వేసుకోవాలి.

అక్కడి నుంచి పత్తర్‌గట్టీ రాతి కమానుల కింద నడుస్తూ పది పదిహేను నిమిషాల్లో మదీనా. 2 గంటలకల్లా షాదాబ్‌లో బిర్యానీ ముందు ఉండాలి. కుటుంబాలకు పై అంతస్తులో కూర్చోబెడతారు. బిర్యానీకి ముందు కబాబులు, తర్వాత ఖుబానీ కా మీఠా అని మెనూ చదవడం మొదలుపెడితే 3 దాటుతుంది. బిర్యానీ చెప్పండి, తినండి, బిల్లు ముందే అడగండి.

రోజును బట్టి ఈ ప్లాన్ మారుతుంది. శుక్రవారం అయితే చౌమహల్లా మూసి ఉంటుంది. పైగా మధ్యాహ్నం మక్కా మసీదులో నమాజుకు వేలమంది వస్తారు, 12:30 నుంచి 2:30 దాకా ఆ చుట్టుపక్కల బండ్లను మళ్ళిస్తారు. మీరు దిగేది శుక్రవారమైతే పాతబస్తీ వద్దు. వినాయక నిమజ్జనం రోజు, బోనాల రోజు, మొహర్రం రోజు కూడా అంతే. తేదీ ఒకసారి క్యాలెండర్‌లో చూసుకోండి.

ఇంకో గడువు కూడా పెట్టుకోండి. ఎయిర్‌పోర్ట్ నుంచి కారు 11:30 లోపు కదలకపోతే చార్మినార్‌ను మరచిపోండి. "కాస్త తొందరగా తిరుగుదాంలే" అనుకునేవాళ్ళే తిరుగు దారిలో టెన్షన్ పడతారు. అప్పుడు శంషాబాద్ చుట్టుపక్కలే ఉండండి. ముచ్చింతల్‌లో 216 అడుగుల రామానుజాచార్యుల విగ్రహం ఉంది, బుధవారం సెలవు. నర్కుడ దగ్గర అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడి, దాని కోనేరు నాకు చాలా ఇష్టం. గుడి మధ్యాహ్నం మూసినా కోనేటి గట్టున కూర్చుంటే ప్రయాణం అలసట దిగిపోతుంది. రెండూ ఎయిర్‌పోర్ట్‌కు దగ్గరే, ఊరి ట్రాఫిక్‌లోకి వెళ్ళే పని లేదు. పాప విమానంలో నిద్రపోకపోతే కూడా నేను ఇదే చెబుతాను.

తిరిగి ఎయిర్‌పోర్ట్‌కు. డొమెస్టిక్, ఇంటర్నేషనల్ రెండూ ఒకే టెర్మినల్‌లో ఉన్నాయి. కింద అరైవల్స్, పైన డిపార్చర్స్. కాబట్టి ఇంకో టెర్మినల్‌కు పరుగెత్తే బాధ లేదు. క్లోక్ రూమ్ దగ్గర సామాను తీసుకోగానే పైకి వెళ్ళిపోకుండా ఒక సూట్‌కేసు అక్కడే తెరవండి. సెక్యూరిటీలో ఆగిపోయేవన్నీ ఇక్కడ సర్దేయాలి. పాతబస్తీలో కొన్న మసాలాలు, కారం పొడి, పచ్చడి, అత్తరు సీసాలు, అరైవల్స్ డ్యూటీ ఫ్రీలో కొన్న సీసాలు, కత్తెర అన్నీ సూట్‌కేసులోకి. పవర్ బ్యాంకులు మాత్రం దానికి తిరగేసి: సూట్‌కేసులో ఉంటే తీసి చేతి బ్యాగులోకి. సూట్‌కేసు ఇచ్చేశాక స్క్రీనింగ్‌లో పవర్ బ్యాంకు కనబడితే మిమ్మల్ని వెనక్కి పిలుస్తారు. మీరు అప్పటికి సెక్యూరిటీ లైన్లో సగం దూరం వెళ్ళి ఉంటారు. సాయంత్రాల్లో నేను చూసిన పరుగుల్లో సగం ఇవే. ఈ సర్దుడు కోసం ఊళ్ళోకి వెళ్ళేముందే ఒక సూట్‌కేసులో పైభాగం ఖాళీగా ఉంచి, తాళంచెవి జేబులో పెట్టుకోండి.

గేటు దగ్గర టికెట్‌లో పేరు, గుర్తింపు కార్డులో పేరు ఒకటేనా అని చూస్తారు. నలుగురూ పాస్‌పోర్ట్‌లే చూపించండి, పాపదీ అంతే. డిజియాత్ర గేటు ఖాళీగా కనిపిస్తుంది, కానీ దానికి ఆధార్ కావాలి, దానికి లింకైన ఫోనుకు ఓటీపీ రావాలి. అమెరికాలో ఉన్నవాళ్ళ పాత ఇండియా నంబర్ చాలాసార్లు ఆగిపోయి ఉంటుంది. మీకు పనిచేసినా ఫ్రెండ్‌కు, పాపకు ఉండదు, విడిపోవాల్సి వస్తుంది. మామూలు గేటులోనే కలిసి వెళ్ళండి.

వెబ్ చెక్-ఇన్ ముందురోజే చేసి బోర్డింగ్ పాసులు ఫోన్లో పెట్టుకుంటే కౌంటర్లో సామాను ఇవ్వడమే పని. 4:45కి నిలబడితే 5:15కల్లా అయిపోతుంది. సెక్యూరిటీకి సాయంత్రం పూట అరగంట వేసుకోండి. ల్యాప్‌టాప్, పవర్ బ్యాంకు, ఛార్జర్లు ట్రేలో విడిగా పెట్టండి. ఆడవాళ్ళ తనిఖీ లైను వేరుగా, కాస్త నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి మీ భార్యను, పాపను ముందు పంపి, వాళ్ళ ట్రేలు మీరు పెట్టండి. బోర్డింగ్ గేటు విమానానికి దాదాపు 25 నిమిషాల ముందు మూస్తారు, అంటే 6:05. మీరు 5:45కి లోపల ఉంటారు. పాపకు నీళ్ళ సీసా నింపుకోవడానికి, మీ అమ్మగారికి "ఎక్కుతున్నాం" అని ఫోన్ చేయడానికి ఇరవై నిమిషాలు.

తేదీ ఖాయమయ్యాక అది ఏ వారమో ఇక్కడ రాయండి. శుక్రవారమైతే ప్లాన్ మార్చి చెబుతాను.